లెక్కల పేపరులో ఏ ప్రశ్న ముందు, ఏది వెనక?

పదో తరగతి లెక్కల స్లిప్ టెస్టు పేపర్లు దిద్దడం మొదలుపెట్టే ముందు ఒక పని చేసి చూడండి. మార్కులు వేయకుండా, ప్రతి పేపరులోనూ మొదటి పేజీ మాత్రం చూసుకుంటూ వెళ్లండి. కొన్ని పేపర్లలో ఒకటో నంబరు వేసి, నాలుగు వరుసలు రాసి, కొట్టేసి, మళ్లీ అదే లెక్క మొదలుపెట్టి, మళ్లీ కొట్టేసి ఉంటుంది. దాని కింద మూడో ప్రశ్న, నాలుగో ప్రశ్న సరిగ్గానే ఉంటాయి. చివరి రెండు ప్రశ్నలకు మాత్రం నంబర్లు కూడా ఉండవు. ఆ రెండూ ఆ పేపరు రాసిన అమ్మాయికి రావని అనుకుని సున్నాలు వేసుకుంటూ పోతాం. చాలాసార్లు అది నిజం కాదు. వాటికి చేరేలోపే ఆమెకు టైమ్ అయిపోయింది.

పిల్లల్నే అడిగితే ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. మా కోనసీమ వైపు పిల్లలు చెప్పే మాట దాదాపు ఒకేలా ఉంటుంది: "మొదటి లెక్కే రాలేదండి మాస్టారూ, ఇంక ఆ తర్వాత చెయ్యి ఆడలేదండి." జూలై, ఆగస్టుల్లో గోదావరికి వరద వచ్చినప్పుడు లంక గ్రామాల పిల్లలు కొన్నాళ్లు బడికి రాలేకపోతారు. నీళ్లు తీశాక వచ్చేసరికి ముందు జరిగిన పాఠం మీద టెస్టు సిద్ధంగా ఉంటుంది. అలాంటి పిల్లల చేతిలో పేపరు పెట్టినప్పుడు, వాళ్ల కంటికి మొదట ఏ ప్రశ్న కనబడుతుందన్నది చిన్న సంగతి కాదు.

తేలిక ప్రశ్నలు ముందు, కష్టమైనవి వెనక పెట్టాలన్న మాట మన టీచర్లకు కొత్తేమీ కాదు. అయితే ఏది తేలికో ఎలా తెలుసుకోవాలి, ఆ వరుస ఎవరికి ఎంతవరకు పనిచేస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నవి విడదీసి చూడాల్సిన ప్రశ్నలు. వర్గ సమీకరణాల పాఠం మీద ఒక 20 మార్కుల స్లిప్ టెస్టు తీసుకుని అదంతా చూద్దాం.

టెన్షన్ ఎక్కడ దెబ్బ కొడుతుంది

1967లో లీబర్ట్, మారిస్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు పరీక్షల టెన్షన్‌ను రెండు ముక్కలుగా విడదీసి చూపించారు. ఒకటి ఒంట్లో కనబడేది: గుండె దడ, అరచేతుల్లో చెమట, కడుపులో తిప్పడం. రెండోది తలలో నడిచే దిగులు: "ఇది రాకపోతే మిగతావి కూడా రావేమో, ఇంట్లో ఏమంటారో" అన్న ఆలోచన. మార్కుల్ని ఎక్కువగా తినేది రెండోదే అని ఆ తరువాత జరిగిన పరిశోధనల్లో కూడా బలంగా కనబడింది.

కారణం ఇది. లెక్క చేసేటప్పుడు కొన్ని విషయాలను కాసేపు మనసులో పట్టుకుని ఉండాలి. x అంటే ఏమనుకున్నాం, రెండో భిన్నం హారంలో ఏముంది, గుణించాక ఏ గుర్తు మారింది, ఇవన్నీ ఒకేసారి తలలో ఉండాలి. ఆ చోటు చాలా చిన్నది. దిగులు కూడా అదే చోటును వాడుకుంటుంది. 2001లో యాష్‌క్రాఫ్ట్, కిర్క్ చేసిన ప్రయోగాల్లో, లెక్కలంటే భయం ఉన్నవాళ్లు మామూలు చిన్న కూడికల్లో పెద్దగా వెనకబడలేదు. వేరే విషయం గుర్తుపెట్టుకుంటూనే చేతిలో అంకె వేసుకుని కూడాల్సి వచ్చినప్పుడు మాత్రం వాళ్ల తప్పులు బాగా పెరిగాయి.

ఇది మన పేపరుకు నేరుగా వర్తిస్తుంది. టెన్షన్‌లో ఉన్న పిల్లాడు ఒక అడుగులో తేలే ప్రశ్నను అప్పుడు కూడా చేయగలడు. నాలుగు విషయాలు ఒకేసారి పట్టుకోవాల్సిన ప్రశ్నను అప్పుడు చేయలేడు. అదే ప్రశ్నను పది నిమిషాల తరువాత, రెండు మూడు జవాబులు కాగితం మీద పడి, దిగులు కాస్త తగ్గాక ఇస్తే చేసే అవకాశం ఉంది.

అయితే ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ప్రశ్నల వరుస మార్చగానే అందరి మార్కులూ పెరుగుతాయని పరిశోధనలు చెప్పడం లేదు. 1966లో శాక్స్, క్రోమాక్ చేసిన అధ్యయనంలో టైమ్ బిగుతుగా ఉన్నప్పుడు తేలిక నుంచి కష్టానికి వెళ్లే వరుస వల్ల లాభం కనబడింది, టైమ్ ధారాళంగా ఇచ్చినప్పుడు ఆ తేడా నిలబడలేదు. 1985లో లియరీ, డోరన్స్ పాత అధ్యయనాలన్నిటినీ సమీక్షించి చెప్పిన సారాంశం కూడా ఇదే దారిలో ఉంది. కష్టమైనవి ముందు పెట్టడం వల్ల నష్టం ముఖ్యంగా టైమ్ చాలని పరీక్షల్లోనే కనబడుతుంది. టెన్షన్ ఎక్కువున్న పిల్లలకు ప్రత్యేకంగా ఎంత లాభం అన్న విషయంలో ఫలితాలు అన్నిచోట్లా ఒకేలా రాలేదు.

నా మటుకు నాకు దీంట్లో అర్థమైంది ఏమిటంటే, వరుస పిల్లలకు కొత్తగా మార్కులు ఇవ్వదు. వాళ్లకు వచ్చినదాన్ని రాయనివ్వకుండా అడ్డుపడేదాన్ని తీసేస్తుంది. 45 నిమిషాల పీరియడ్‌లో పెట్టే స్లిప్ టెస్టు సరిగ్గా టైమ్ చాలని పరీక్ష కాబట్టి, అక్కడ దీని విలువ ఎక్కువ.

"రానిది వదిలేసి వచ్చింది ముందు రాయండి అని చెబుతున్నాం కదా, వరుసతో పనేముంది?" అని తోటి టీచర్లు అడుగుతుంటారు. చెప్పడం మంచిదే. కానీ వదిలేయాలంటే ఏది వస్తుందో ఏది రాదో ముందు పేపరంతా చదివి తేల్చుకోవాలి, ఆ తేల్చుకోవడానికి కూడా తలలో అదే చిన్న చోటు కావాలి. నిబ్బరంగా ఉన్న పిల్లలు ఆ పని చేసేస్తారు. టెన్షన్‌లో ఉన్నవాళ్లు నంబరు ప్రకారమే వెళ్తారు, ఒకటి వదిలేస్తే ఏదో తప్పు చేసినట్టు భావిస్తారు. ఆ సలహా ఎవరికి బాగా అవసరమో, వాళ్లే దాన్ని పాటించలేరు.

ఒక పేపరు, ఎనిమిది ప్రశ్నలు

మన దగ్గర మామూలుగా కనబడే తరహాలో ఒక పేపరు ఇలా ఉందనుకుందాం. టైమ్ 45 నిమిషాలు, మార్కులు 20.

ఒక మార్కు ప్రశ్నలు:
1. x² + 1/x² = 2 వర్గ సమీకరణమేనా? కారణం తెలపండి.
2. 2x² − kx + 3 = 0 మూలాలు సమానమైతే k విలువ ఎంత?
3. x² − 5x + 6 = 0 విచక్షణి కనుక్కోండి.
4. x² − 3x + 2 = 0 కి x = 2 ఒక మూలమేనా?

రెండు మార్కుల ప్రశ్నలు:
5. 2x² + x − 6 = 0 ను కారణాంక పద్ధతిలో సాధించండి.
6. x² − 3x − 10 = 0 ను కారణాంక పద్ధతిలో సాధించండి.

నాలుగు మార్కుల ప్రశ్న:
7. దీర్ఘచతురస్రాకారంలో ఉన్న కొబ్బరితోట పొడవు వెడల్పు కంటే 10 మీటర్లు ఎక్కువ. వైశాల్యం 1200 చదరపు మీటర్లు. పొడవు, వెడల్పు ఎంత?

ఎనిమిది మార్కుల ప్రశ్న:
8. నిశ్చల నీటిలో గంటకు 8 కి.మీ. వేగంతో వెళ్లే పడవ కాలువలో 15 కి.మీ. ఎదురుగా వెళ్లి, అంతే దూరం వాలుగా తిరిగి రావడానికి మొత్తం 4 గంటలు పట్టింది. ప్రవాహ వేగం ఎంత?

చూడటానికి ఈ పేపరు తేలిక నుంచి కష్టానికే వెళ్తున్నట్టు ఉంది. ఒక మార్కువి ముందు, ఎనిమిది మార్కులది చివర. అసలు చిక్కు ఇక్కడే ఉంది. మార్కుల సంఖ్య చెప్పేది జవాబు ఎంత పొడవు ఉండాలో. కష్టం సంగతి దానికి వేరు.

ఒకటో ప్రశ్న చూడండి. పాఠం మొదట్లో వచ్చే విషయం కాబట్టి టీచరు దాన్ని ముందు పెట్టారు. కానీ పిల్లలు ఏం చేస్తారు? కొందరు x² కనబడగానే "అవును" అని రాసేసి వెళ్లిపోతారు, వాళ్లకు మార్కు పోతుంది గానీ టైమ్ పోదు. కొందరు రెండు వైపులా x² తో గుణిస్తారు, x⁴ + 1 = 2x² వస్తుంది, x⁴ ను చూసి తామే ఎక్కడో తప్పు చేశామనుకుని కొట్టేస్తారు. నిజానికి వాళ్లు జవాబు దగ్గరికి వచ్చేశారు, పరిమాణం 4 కాబట్టి అది వర్గ సమీకరణం కాదు. ఇంకొందరు బాగా చదివే పిల్లలకు ఎడమ వైపుకు 2 ను తెస్తే (x − 1/x)² అవుతుందని గుర్తొస్తుంది. వాళ్లు దాన్ని సాధించి x = 1, x = −1 అని అరపేజీ రాస్తారు. అడిగింది అది కాదు. ఒక మార్కు కోసం పేపరు మొదట్లోనే మూడు రకాల పిల్లలు మూడు రకాలుగా నష్టపోతారు.

రెండోది కూడా అంతే. విచక్షణి సున్నా కావాలని తెలిసినవాళ్లు k² − 24 = 0 దాకా వస్తారు. అక్కడ √24 దగ్గర ఆగుతారు, లేదా 2√6 మాత్రం రాసి ± మరచిపోతారు. రెండడుగుల లెక్క, పైగా జవాబు పూర్ణసంఖ్య కాదు. జవాబు వింతగా కనబడితే తమ మీద తమకే అనుమానం వచ్చే పిల్లలకు ఇది చాలా చెడ్డ ఆరంభం.

కష్టాన్ని కొలవడం

ఏ ప్రశ్న ఎంత కష్టమో టీచరు అంచనా వేస్తే తరచుగా పొరపాటు పడతాం. మనకు పాఠం ఏ వరుసలో ఉందో తెలుసు, అదే వరుసను కష్టం అనుకుంటాం. దిద్దిన పేపర్లు ఉంటే కొలవడం చాలా సులువు. ఒక ప్రశ్నకు తరగతి మొత్తానికి వచ్చిన మార్కులను, రాగలిగిన గరిష్ఠ మార్కులతో భాగించాలి. దీన్ని కఠినతా సూచిక అంటారు, p అని రాస్తారు. పేరు కఠినత అయినా, p ఎక్కువైతే ప్రశ్న తేలిక అని అర్థం. 0.90 అంటే దాదాపు అందరూ చేశారు, 0.20 అంటే ఏ కొద్దిమందో చేశారు.

40 మంది తరగతిలో పై పేపరుకు లెక్క ఇలా తేలిందనుకుందాం. ఒకటో ప్రశ్నకు 8 మందికి మార్కు వచ్చింది, p = 0.20. రెండోదానికి 12 మందికి, 0.30. మూడోదానికి 32 మందికి, 0.80. నాలుగోదానికి 36 మందికి, 0.90. ఐదోది 80 మార్కులకు 44, అంటే 0.55. ఆరోది 80కి 64, అంటే 0.80. కొబ్బరితోట లెక్క 160కి 66, దాదాపు 0.41. పడవ లెక్క 320కి 64, అంటే 0.20.

ఇక్కడితో ఆగి ఈ అంకెల ప్రకారం పేర్చేస్తే మళ్లీ తప్పే చేస్తాం. ఎందుకంటే ఒక ప్రశ్న p విలువ ఆ ప్రశ్న మీదే కాదు, అది పేపరులో ఎక్కడ ఉందన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. కొబ్బరితోట లెక్క ఏడో చోట ఉంది. అక్కడికి చేరనివాళ్ల సున్నాలు కూడా అందులో కలిసిపోయాయి.

అందుకే దిద్దేటప్పుడు ఖాళీలను రెండు రకాలుగా గుర్తుపెట్టుకోవాలి. తరువాతి ప్రశ్నలు రాసి, మధ్యలో ఒకటి రాయకపోతే, అది పిల్లలు చూసి వదిలేసింది. ఒక ప్రశ్న తరువాత ఇక చివరిదాకా ఏమీ రాయకపోతే, అవి చేరుకోనివి. మార్కుల రిజిస్టరులో వదిలేసినదానికి సున్నా, చేరుకోనిదానికి చిన్న గీత పెట్టుకుంటే చాలు. మన తరగతిలో కొబ్బరితోట లెక్క దాకా చేరినవాళ్లు 30 మందే అనుకుంటే, వాళ్లకు రాగలిగిన మార్కులు 120. వచ్చినవి 66. p 0.41 నుంచి 0.55కి మారింది. అంటే అది ఐదో ప్రశ్నంత తేలికే. పడవ లెక్క దాకా 16 మందే చేరితే, 128కి 64, అంటే 0.50.

ఈ రెండో అంకెను మాత్రం యథాతథంగా నమ్మకూడదు. పడవ లెక్క దాకా చేరిన 16 మందీ తరగతిలో వేగంగా చేసేవాళ్లు. మొత్తం తరగతికి దాని అసలు కష్టం 0.20కీ 0.50కీ మధ్య ఎక్కడో ఉంటుంది. కచ్చితంగా తెలియాలంటే మరోసారి ఆ తరహా లెక్కను పేపరు మధ్యలో ఇచ్చి చూడాలి. పేర్చడానికి మాత్రం ఇంత తెలిస్తే చాలు: అది మనం అనుకున్నంత కొండ కాదు.

పడవ లెక్క గురించి ఇంకో మాట. ప్రవాహానికి ఎదురు వేగం 8 − x, వాలు వేగం 8 + x అని పెట్టుకోవడం చాలాచోట్ల పిల్లలకు కష్టమని టీచర్లు అంటారు. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువల గట్ల మీద పెరిగిన పిల్లలకు ఆ భాగం నోటితో చెబితే చాలు, వెంటనే పట్టేస్తారు. నీటికి ఎదురు పోతే వేగం తగ్గుతుందని ఇక్కడ ఎవరూ నేర్పక్కర్లేదు. వాళ్లు ఆగేది 15/(8 − x) + 15/(8 + x) = 4 రాశాక, ఆ భిన్నాలను కలిపే దగ్గర. ఇంకో జిల్లాలో కొలిచిన కష్టం మన తరగతికి సరిపోకపోవడానికి ఇలాంటివే కారణాలు. మన పిల్లల పేపర్లతో మనమే కొలుచుకోవాలి.

కొత్తగా చేరిన టీచరు దగ్గర పాత పేపర్లు ఉండవు. అప్పుడు పక్క సెక్షన్ టీచరుకు ప్రశ్నలన్నీ విడివిడి చీటీల మీద రాసిచ్చి, "మీ పిల్లలకు తేలికైనది ముందు, కష్టమైనది వెనక పేర్చండి" అనండి. మీరూ విడిగా పేర్చండి. ఇద్దరి వరుసలో బాగా తేడా వచ్చిన ప్రశ్నే ఆలోచించాల్సిన ప్రశ్న. సాధారణంగా అందులో దాగిన అడుగేదో ఒకటి ఉంటుంది.

పేర్చడం

ఇప్పుడు ఒక మార్కు విభాగంలో 4, 3, 2, 1 వరుసలో పెడదామా? అప్పుడు మొదటి రెండూ 0.90, 0.80, ఆ వెంటనే 0.30, 0.20. రెండు మెట్లు ఎక్కాక ఒక్కసారిగా గోడ. కుదుటపడిన పిల్లాడు మళ్లీ అక్కడే చెదిరిపోతాడు, పైగా ఇప్పుడు "తేలికవన్నీ అయిపోయాయి" అన్న దిగులు కూడా తోడవుతుంది. వరుస సరిగ్గా ఉన్నా, మధ్యలో ఇంత పెద్ద దూకుడు ఉంటే ప్రయోజనం పోతుంది.

అందుకని వరుసతో పాటు మార్కులను కూడా సవరించాలి. k ప్రశ్న నిజానికి రెండడుగులది, కాబట్టి దాన్ని రెండు మార్కులు చేసి రెండుగా విడగొట్టాలి: విచక్షణిని k లో రాయండి, తరువాత k విలువలు కనుక్కోండి. "విలువలు" అని బహువచనంలో అడిగితే ± సంగతి కూడా పిల్లలకు అందుతుంది. దానికి చోటు కావాలి కాబట్టి ఐదో ప్రశ్నను (2x − 3)(x + 2) = 0 మూలాలు రాయండి అని మార్చి ఒక మార్కు చేయాలి. దీనివల్ల ఒక నష్టం ఉంది, x² గుణకం 1 కానప్పుడు మధ్య పదాన్ని విడగొట్టే నేర్పు ఈ టెస్టులో పరీక్షకు రాదు. దాన్ని తరువాతి టెస్టులో తప్పకుండా అడగాలి. వరుస కోసం సిలబస్‌ను కుదించడం మొదలుపెడితే అది వేరే తప్పు.

అప్పుడు ఒక మార్కు విభాగం ఇలా ఉంటుంది: x = 2 మూలమేనా, ఆ తరువాత విచక్షణి, ఆ తరువాత (2x − 3)(x + 2) = 0 మూలాలు, చివర x² + 1/x² = 2. రెండు మార్కుల విభాగం x² − 3x − 10 = 0 తో మొదలై k ప్రశ్నతో ముగుస్తుంది. తరువాత కొబ్బరితోట, చివర పడవ. మొత్తం 4 + 4 + 4 + 8, అవే 20 మార్కులు.

ఈ వరుస ఒకే ఏటవాలుగా పైకి పోదు, గమనించండి. మొదటి విభాగం చివర కష్టమైన ప్రశ్న ఉంది, దాని తరువాత రెండో విభాగం మళ్లీ 0.80తో తేలికగా మొదలవుతుంది. ఇది మంచిదే. x² + 1/x² దగ్గర తడబడిన పిల్లలకు వెంటనే ఊపిరి తీసుకునే చోటు దొరుకుతుంది. విభాగాలున్న ఏ పేపరులోనైనా ప్రతి విభాగం మొదటి ప్రశ్నను ఇలా ఎంచుకోవచ్చు.

మొట్టమొదటి ప్రశ్నకు తేలికగా ఉండటం ఒక్కటే చాలదు. జవాబు సరైనదో కాదో పిల్లలకు అక్కడికక్కడే తెలిసిపోవాలి. x = 2 ను ప్రతిక్షేపిస్తే 4 − 6 + 2 = 0. సున్నా వచ్చింది, అంటే సరిపోయింది, ఎవరినీ అడగక్కర్లేదు. "వర్గ సమీకరణాన్ని నిర్వచించండి" అన్న ప్రశ్నకూ ఎక్కువ మంది జవాబు రాస్తారేమో గానీ, a ≠ 0 అని రాశానా లేదా అన్న అనుమానం తరువాతి ప్రశ్నలోకి కూడా వెంట వస్తుంది. అలాగని ఇలాంటి ప్రశ్నలు ఐదారు వరుసగా పెట్టడం వృథా. 0.90 దాటిన ప్రశ్న ఎవరికి ఎంత వచ్చో పెద్దగా చెప్పదు, అది పిల్లల చెయ్యి ఆడటానికి పెట్టింది. 20 మార్కుల్లో అలాంటివి ఒకటి రెండు చాలు.

చివరి ప్రశ్నను కూడా లోపల మెట్లుగా కట్టాలి. పిల్లలకు వరుస అలవాటైతే "చివరిది ఎలాగూ కష్టం" అని చదవకుండానే వదిలేసే ప్రమాదం ఉంది, అది ఎనిమిది మార్కులది. పడవ లెక్కను నాలుగు భాగాలు చేస్తే ఆ భయం తగ్గుతుంది. ఎదురు వేగం, వాలు వేగం x లో రాయడానికి 2 మార్కులు. మొత్తం కాలానికి సమీకరణం రాయడానికి 2. దాన్ని సాధించడానికి 3. రెండు మూలాల్లో ఏది తీసుకోకూడదో, ఎందుకో చెప్పడానికి 1. సాధించేటప్పుడు 240 = 4(64 − x²) వస్తుంది, x² = 4, x = 2 లేదా −2. వేగం రుణాత్మకం కాదు కాబట్టి ప్రవాహ వేగం గంటకు 2 కి.మీ. సరిచూసుకుంటే వెళ్లడానికి రెండున్నర గంటలు, రావడానికి గంటన్నర, మొత్తం 4. భిన్నాల దగ్గర ఆగిపోయిన పిల్లలకు కూడా ఇప్పుడు 4 మార్కులు వస్తాయి, అవి వాళ్లకు నిజంగా వచ్చినదానికి వచ్చిన మార్కులు.

రెండు సెట్ల చిక్కు

ఒక బెంచీ మీద ముగ్గురు కూర్చునే తరగతిలో చూసి రాయడం ఆపాలని ఎ, బి సెట్లు ఇస్తాం. చాలామంది చేసే పని, ఎ సెట్టులోని ప్రతి విభాగాన్నీ తిరగేసి బి సెట్టు తయారుచేయడం. అప్పుడు బి సెట్టు వచ్చిన పిల్లలు x² + 1/x² తో మొదలుపెడతారు. ఎటు కూర్చున్నారన్న కారణంగా కొందరి పరీక్ష కష్టమైపోతుంది, మార్కులు పోల్చడానికి వీలుండదు.

దీనికి మార్గం, దాదాపు సమానంగా తేలికైన ప్రశ్నల మధ్యే చోట్లు మార్చడం. విచక్షణినీ, మూలాలు రాసే ప్రశ్ననూ అటూ ఇటూ చేయవచ్చు. మొదటి ప్రశ్నకు చోటు మార్చకుండా అంకెలు మార్చాలి. ఎ సెట్టులో x² − 3x + 2 = 0 కి x = 2, బి సెట్టులో x² − 4x + 3 = 0 కి x = 3. రెంటికీ పని ఒకటే, జవాబులోని అంకెలు వేరు. దిద్దాక రెండు సెట్ల సగటు మార్కులు విడివిడిగా చూసుకోండి. ఒకే ప్రశ్న దగ్గర రెండు సెట్లకూ పెద్ద తేడా కనబడితే, ముందు ఆ ప్రశ్న ఏ చోట పడిందో చూడాలి.

పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది

పిల్లలు బయటికి వచ్చి "పేపరు ఈజీగా ఉందండి" అన్నంత మాత్రాన నమ్మకూడదు. 2010లో వైన్‌స్టైన్, రోడిగర్ అనే పరిశోధకులు ఇదే పరీక్షించారు. తేలిక ప్రశ్నలతో మొదలైన పరీక్ష రాసినవాళ్లు, అవే ప్రశ్నలు వేరే వరుసలో రాసినవాళ్ల కంటే తాము బాగా రాశామని అనుకున్నారు. అసలు మార్కుల్లో ఆ తేడా లేదు. మొదట్లో కలిగిన భావమే చివరిదాకా నిలిచిపోతుంది. అందుకే పిల్లల మాటతో ఆగకుండా పేపర్లలో రెండు గుర్తులు వెతకాలి. చేరుకోని ప్రశ్నలకు పెట్టిన గీతలు తగ్గాయా? మొదటి పేజీలో కొట్టివేతలు తగ్గాయా? ఈ రెండూ తగ్గి మొత్తం మార్కులు పెద్దగా పెరగకపోయినా వరుస తన పని చేసినట్టే. ఇప్పుడు పోతున్న మార్కులు పాఠం రాక పోతున్నవి, వాటికి మందు మళ్లీ పాఠం చెప్పడమే. కొట్టివేతలు ఇంకో చోటికి, ఉదాహరణకు k ప్రశ్న దగ్గరికి చేరితే, అక్కడ ఇంకా పెద్ద మెట్టు ఉందని అర్థం.

పబ్లిక్ పరీక్షకు వచ్చేసరికి వరుస మన చేతిలో ఉండదు. పదో తరగతి లెక్కల పేపరులో ఇటీవలి నమూనా ప్రకారం 33 ప్రశ్నలు, 100 మార్కులు: 12 ఒక మార్కువి, 8 రెండు మార్కులవి, 8 నాలుగు మార్కులవి, 5 ఎనిమిది మార్కులవి. వరుస మార్కులను బట్టి ఉంటుంది, ఒక మార్కు ప్రశ్నల మధ్యలో ఎక్కడైనా x² + 1/x² లాంటిది రావచ్చు. పాలీసెట్‌లో రెండు గంటల్లో 120 ప్రశ్నలు. అక్కడ గోడ ఎదురైతే దాటి ముందుకు పోవడం వచ్చి ఉండాలి. ఏడాదంతా మెట్లు కట్టి ఇచ్చిన పేపర్లే రాసిన పిల్లలు అక్కడ చిక్కుకుపోతారు.

కాబట్టి ప్రీ-ఫైనల్స్ దగ్గరపడేసరికి మెట్లను కొద్దికొద్దిగా తీసేయాలి. సంక్రాంతి సెలవుల తరువాత పెట్టే టెస్టుల్లో ఒక విభాగాన్ని కావాలనే కలగాపులగంగా ఇచ్చి, ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పండి. పబ్లిక్ పరీక్షకు ఇచ్చే 3 గంటల 15 నిమిషాల్లో 15 నిమిషాలు పేపరు చదువుకోవడానికే కాబట్టి, ఆ టైమును వాడటం కూడా ఇక్కడే నేర్పాలి. పేపరు చేతికి రాగానే పెన్ను కింద పెట్టించి, పెన్సిల్‌తో ప్రతి ప్రశ్న పక్కన గుర్తు పెట్టమనండి: తప్పకుండా వచ్చేదానికి టిక్కు, ప్రయత్నిస్తే వచ్చేదానికి చుక్క, మిగతావాటికి ఏమీ వద్దు. ఆ తరువాత టిక్కులతో మొదలుపెట్టి, వాటిలోనూ సరిచూసుకోగలిగినదాన్ని మొదట రాయించండి. మొదటి రెండు మూడు సార్లు మీరు కూడా ఆ గుర్తులు పెట్టిన ప్రశ్నాపత్రాలు తీసుకుని, టిక్కు పెట్టిన ప్రశ్నలకు వచ్చిన మార్కులతో పోల్చి చూడండి. టిక్కు పెట్టి తప్పు చేసినవి ఎక్కువున్న పిల్లలకు ఒక రకం సాయం కావాలి. టిక్కే పెట్టకుండా వదిలేసి, అడిగితే బోర్డు మీద చేసి చూపించే పిల్లలకు వేరే రకం సాయం కావాలి. ఈ రెండో రకం వాళ్లకు మాత్రం మార్చి దాకా మెట్ల పేపర్లు ఆపకండి, వారానికి ఒకటైనా ఇస్తూ ఉండండి.